ఇంట్లో ఒకరికి గండం అన్నారు, ఎవరికో చెప్పలేదు: ఒక ఆన్‌లైన్ జాతకం కేసు

నేను జాతకాలు చూస్తాను. అదే నా వృత్తి. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జాతకం కాగితంతో రావడం లేదు, ఫోన్‌తో వస్తున్నారు. అందులో ఎవరో ఆన్‌లైన్ జ్యోతిష్కుడు చేసిన చాట్, వాయిస్ మెసేజ్‌లు, డబ్బు కట్టి కొన్న పీడీఎఫ్ ఉంటాయి. "ఇది నిజమేనా చూడండి" అని అడుగుతారు. అలాంటి ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, మొత్తాలు, కుటుంబ వివరాలు కొంచెం మార్చాను. గ్రహాల స్థితి మాత్రం మార్చలేదు, ఎందుకంటే కేసంతా దాని మీదే నడుస్తుంది.

ఆవిడకి యాభై దాటాయి. కాకినాడ దగ్గర ఉంటారు. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, వయసు 27, సంబంధాలు చూస్తున్నారు, ఒకటి రెండు దగ్గరిదాకా వచ్చి తప్పిపోయాయి. ఆ టెన్షన్‌లో ఉండగా 2025 నవంబరులో ఆవిడకి ఒక కల వచ్చింది. గుమ్మం మీద పాము చుట్టుకుని ఉంది, లోపలికి అడుగు పెట్టబోతుంటే తన పన్ను ఊడి చేతిలో పడింది. పొద్దున్నే ఫోన్‌లో కనబడిన ఒక యాప్‌లో "మొదటి ఐదు నిమిషాలు ఉచితం" అని ఉంటే చాట్ మొదలుపెట్టారు. తర్వాత నిమిషానికి 25 రూపాయలు. నాలుగైదు సార్లు మాట్లాడేసరికి చాట్‌కి మూడు వేలు దాటింది, "సంపూర్ణ జాతక నివేదిక" అనే పీడీఎఫ్‌కి 1,499 కట్టారు, చివరికి సర్పదోష శాంతికి 36,000 అడిగితే 11,000 అడ్వాన్స్ పంపారు. మిగతా 25,000 కోసం బంగారు గాజు తాకట్టు పెట్టబోతుంటే ఆవిడ చెల్లెలు అడ్డుపడి నా దగ్గరికి తీసుకొచ్చింది.

నేను ముందు జాతకం తెరవలేదు. చాట్ మొత్తం మొదటి నుంచి చదివాను, వాయిస్ మెసేజ్‌లు విని ముఖ్యమైన వాక్యాలు కాగితం మీద రాసుకున్నాను. ఎవరైనా ఇదే చేయాలంటాను. విన్నప్పుడు గొంతు, "అమ్మా" అని పిలిచే తీరు, మధ్యలో మంత్రం, ఇవన్నీ కలిసి మాటకి లేని బరువు తెచ్చిపెడతాయి. అదే వాక్యాన్ని కాగితం మీద పెడితే అందులో ఏముందో, ఏం లేదో రెండూ కనిపిస్తాయి. రాసుకున్నాక ఒక్కో వాక్యం పక్కన ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది తప్పని తేలడానికి దారి ఉందా? ఉంటే ఈరోజే తేలుతుందా, ఫలానా తేదీకి తేలుతుందా, ఎప్పటికీ తేలదా?

ఈరోజే తేలే వాక్యాలు నాలుగు దొరికాయి. అమ్మాయికి ఏలినాటి శని నడుస్తోంది. రాహు మహర్దశ నడుస్తోంది. కాలసర్ప దోషం ఉంది, పాము కల అందుకే వచ్చింది. కుజ దోషం ఉంది, సంబంధాలు తప్పిపోవడానికి కారణం అదే. వీటిని లెక్క చూసి సరిపోల్చవచ్చు. జ్యోతిషం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, ఫలానా రోజు ఫలానా గంటకి చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడన్నది ఖగోళ లెక్క, అందులో అభిప్రాయానికి తావు లేదు.

అమ్మాయి పుట్టింది 1998 ఆగస్టు తొలి వారంలో, పౌర్ణమికి రెండు మూడు రోజుల ముందు, సాయంత్రం ఆరు ప్రాంతంలో. ఆసుపత్రి కాగితం మీద టైమ్ ఉంది కాబట్టి అనుమానం లేదు. మకర లగ్నం, చంద్రుడు ధనుస్సులో, పూర్వాషాఢ మొదటి పాదం.

ఏలినాటి శని అంటే జన్మరాశికి పన్నెండులో, రాశిలో, రెండులో శని తిరిగే ఏడున్నర ఏళ్లు. 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు. అంటే ఇప్పుడు ఏలినాటి శని కుంభం, మీనం, మేష రాశుల వాళ్లకి. ధనుస్సు వాళ్లకి ఏలినాటి 2023 జనవరిలో శని మకరం వదిలినప్పుడే అయిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో ఇంటి శని, అర్ధాష్టమం. పంచాంగం చూసేవాడెవడూ ఈ రెంటినీ కలపడు. మరి ఆయన ఎక్కడ నుంచి తెచ్చాడు? అమ్మాయి పేరు "సా" అక్షరంతో మొదలవుతుంది. గో, సా, సీ, సూ శతభిషం అక్షరాలు, శతభిషం కుంభ రాశి. చాట్‌లో పుట్టిన తేదీ, టైమ్, ఊరు అన్నీ అడిగి తీసుకున్నాడు, కానీ జాతకం వేయనే లేదు, పేరు మొదటి అక్షరం పట్టుకుని కుంభ రాశి అనేసుకున్నాడు. పుట్టిన సమయం తెలియనివాళ్లకి నామ నక్షత్రం చూడటం ఉన్న పద్ధతే. సమయం చేతిలో పెట్టుకుని దాన్ని వాడకపోవడం, పైగా "సంపూర్ణ జాతకం" అని 1,499 తీసుకోవడం మాత్రం పద్ధతి కాదు.

రాహు మహర్దశ సంగతి ఇంకా తేలిక. పూర్వాషాఢలో పుడితే మొదట శుక్ర మహర్దశ. మొదటి పాదం కాబట్టి ఇరవై ఏళ్లలో కనీసం పదిహేను మిగిలి ఉంటాయి. తర్వాత రవి ఆరేళ్లు, ఆ తర్వాత చంద్రుడు పదేళ్లు. 27 ఏళ్లకి ఈ అమ్మాయికి నడిచేది చంద్ర మహర్దశ. రాహువు రావాలంటే మధ్యలో కుజుడి ఏడేళ్లు కూడా గడవాలి, అంటే ముప్ఫై ఎనిమిది దాటాలి. పోనీ ఆయన అనుకున్నట్టు శతభిషమే అనుకున్నా లెక్క కుదరదు. శతభిషం వాళ్లకి రాహు దశ పుట్టుకతోనే మొదలై ఎంత ఎక్కువ మిగిలినా 18 ఏళ్లకి ముగుస్తుంది, 27కి గురు దశలోనో శని దశలోనో ఉండాలి. ఏ దారిన చూసినా రాహువు రాడు. పాము కలకి రాహువు సరిపోతాడు కాబట్టి రాహువుని తెచ్చాడు, అంతే.

కాలసర్పం దగ్గర కాస్త ఆగాలి. భయపెట్టి డబ్బు లాగడానికి ఈ రోజుల్లో ఎక్కువగా వాడుతున్న పేరు ఇదే. రాహు కేతువులు ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటారు. మిగతా ఏడు గ్రహాలూ వాళ్లిద్దరి మధ్య ఒకే పక్కన ఉంటే కాలసర్పం అంటున్నారు. 1998 ఆగస్టు మొదట్లో రాహువు సింహంలో, కేతువు కుంభంలో. శని మేషంలో, గురుడు మీనంలో, కుజ శుక్రులు మిథునంలో, రవి కర్కాటకంలో, అందరూ ఒక పక్కనే. చంద్రుడు మాత్రం ధనుస్సులో, అంటే అవతలి పక్కన. ఒక్క గ్రహం బయట ఉన్నా దోషం లేదనేది దాన్ని నమ్మేవాళ్లు పెట్టుకున్న నియమమే, కాబట్టి వాళ్ల లెక్కలోనే ఇది కాలసర్పం కాదు.

అయితే ఇంకో సంగతి కూడా ఆవిడకి చెప్పాను. అదే అమ్మాయి రెండు వారాల ముందు పుట్టి ఉంటే చంద్రుడు ఇవతలి పక్కన ఉండేవాడు, అప్పుడు "దోషం" ఉండేది. శని, గురుడు నెమ్మదిగా నడుస్తారు కాబట్టి నెలల తరబడి ఒకే పక్కన ఉండిపోతారు. వేగంగా తిరిగే చంద్రుడు నెలలో సుమారు సగం రోజులు ఇటు, సగం రోజులు అటు. అలాంటి నెలల్లో చంద్రుడు ఇవతలి పక్కన ఉన్న రోజుల్లో దేశమంతటా పుట్టిన ప్రతి బిడ్డకీ కాలసర్పమే. ఒక ఊరి ప్రసూతి ఆసుపత్రిలో వరసగా రెండు వారాలు పుట్టిన పిల్లలందరికీ ఒకే శాపం ఎలా తగులుతుందో ఒక్కసారి ఆలోచించమన్నాను. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో ఈ దోషం లేదు. అక్కడ సర్పయోగం అనే పేరుతో ఉన్నది వేరే విషయం, పాపగ్రహాలు కేంద్రాల్లో ఉండటం గురించి, రాహు కేతువులతో దానికి సంబంధం లేదు. తరతరాలుగా వస్తున్న ప్రాచీన శాపం అని చెప్పేవాళ్లని "ఏ గ్రంథం, ఏ శ్లోకం" అని అడిగితే చాలు, మాట మారుస్తారు.

నాలుగోది కుజ దోషం. ఇది మాత్రం ఆయన చెప్పింది ఒక లెక్కలో నిజం. కుజుడు మిథునంలో, చంద్రుడు ధనుస్సులో, అంటే చంద్రుడి నుంచి ఏడో ఇల్లు. ఉందని ఆవిడకి దాచకుండా చెప్పాను, ఆవిడ ముఖం వాడిపోయింది. అప్పుడు కాగితం మీద లెక్క వేసి చూపించాను. కుజుడు 2, 4, 7, 8, 12 ఇళ్లలో ఉంటే దోషం అంటాం, అంటే పన్నెండింటిలో ఐదు. దాన్ని లగ్నం నుంచి ఒకసారి, చంద్రుడి నుంచి ఒకసారి, శుక్రుడి నుంచి ఒకసారి చూస్తే మూడింటిలో ఎక్కడో ఒక చోట తగిలే అవకాశం ఉజ్జాయింపుగా నూటికి 80. ఈ అమ్మాయికి లగ్నం నుంచి కుజుడు ఆరులో, దోషం లేదు. శుక్రుడితో కలిసి ఉన్నాడు, అక్కడా లేదు. మూడింటిలో ఒక చోట ఉంది. అలా చూస్తే ఆవిడకీ ఉండొచ్చు, ఆవిడ భర్తకీ ఉండొచ్చు. ముప్ఫై ఏళ్లుగా కాపురం చేస్తున్నారు.

శని విషయంలో కూడా ఇదే లెక్క పెట్టుకోవాలి. ఏ రోజు తీసుకున్నా పన్నెండు రాశుల్లో మూడింటికి ఏలినాటి, ఒకదానికి అర్ధాష్టమం, ఒకదానికి అష్టమం. అంటే ఐదు రాశుల వాళ్లకి ఎప్పుడూ ఏదో ఒక శని ఉంటాడు. "మీకు శని బాగాలేదు" అని కళ్లు మూసుకుని చెప్పినా నూటికి నలభై మందికి పైగా తగులుతుంది. అందుకే దోషం పేరు చెప్పగానే అడగాల్సింది "నాకు ఉందా" అని కాదు, "ఎంతమందికి ఉంటుంది" అని.

ఇక రెండో రకం, ఎవరికి చెప్పినా సరిపోయే వాక్యాలు. "మీరు అందరికీ చేస్తారు, మీకు ఎవరూ చేయరు." "పైకి ధైర్యంగా ఉంటారు, లోపల మీకు మీరే కుమిలిపోతారు." "చేతిలో డబ్బు నిలవదు." "మీ మంచితనాన్ని వాడుకున్నవాళ్లున్నారు." పీడీఎఫ్‌లో పదిహేను పేజీలుంటే పది పేజీలు ఇవే. ఆవిడ వీటిని చూపించి "గురువుగారూ, ఇవి మాత్రం అక్షరాలా నిజం, ఆయనకి ఎలా తెలిశాయి" అన్నారు. ఆవిడ పేరు వేలితో కప్పి అదే పేజీని ఆవిడ చెల్లెలికి ఇచ్చి చదవమన్నాను. చదివి "ఇది నా గురించే ఉందే" అంది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజీ ప్రొఫెసర్ తన క్లాసులో 39 మంది విద్యార్థులకి "మీ వ్యక్తిత్వ విశ్లేషణ" అని తలా ఒక కాగితం ఇచ్చి, ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వేయమన్నాడు. సగటున నాలుగు పైనే వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు ఎక్కువగా అంగట్లో దొరికే జ్యోతిష పుస్తకంలోంచి తీసినవి. మీ ఇంట్లో అలాంటి నివేదిక ఉంటే ఇదే పరీక్ష పెట్టండి, పైసా ఖర్చు లేదు.

చాట్‌లో మరొకటి దొరికింది, అది ఆవిడని బాగా కదిలించింది. ఆవిడ నాతో మొదట అన్నమాట, "మా ఆయనకి షుగర్ ఉందని నేను చెప్పకుండానే చెప్పేశాడు" అని. చాట్ వెనక్కి జరిపి చూశాం. ఉచిత ఐదు నిమిషాల్లోనే ఆయన ఇలా రాశాడు: "మీ ఇంట్లో ఒక మగ మనిషి ఆరోగ్యం మీద రాహు దృష్టి కనిపిస్తోంది, అవునా కాదా అమ్మా?" కింద ఆవిడే రాశారు: "అవును గురువుగారూ, మా వారికి పదేళ్లుగా షుగర్, మొన్న కాలికి పుండు కూడా అయింది." రెండు రోజుల తర్వాత వాయిస్ మెసేజ్‌లో ఆయన "మీ వారి షుగర్, ఆ కాలి సమస్య, ఇవన్నీ సర్పదోషం వల్లే" అన్నాడు. ఆవిడకి రెండోదే గుర్తుంది, మొదటిది తాను రాసిందన్న సంగతే మరిచిపోయారు. యాభై దాటిన ఏ ఇంటావిణ్ని అడిగినా ఇంట్లో ఒక మగ మనిషికి ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉంటుంది. భర్త కాకపోతే మామగారు, తమ్ముడు. "అవునా కాదా" అని చివర తగిలించిన వాక్యం చెప్పడం కాదు, అడగడం. చాట్ అంతా వెతికితే ఆవిడ ముందు చెప్పని కొత్త వివరం ఆయన ఒక్కటీ చెప్పలేదు. ఫోన్‌లో మాట్లాడి ఉంటే ఇది బయటపడేది కాదు. అందుకే మాట్లాడాల్సి వస్తే రాతలో మాట్లాడండి, మీరు ఏం చెప్పారో మీకే కనబడేలా ఉంచుకోండి.

ఇప్పుడు అసలు విషానికి వస్తాను. మూడో రకం వాక్యాలు, ఎప్పటికీ తప్పని తేలనివి. చాట్‌లో ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "మీ ఇంట్లో ఒకరికి గండం ఉంది, 41 రోజులు జాగ్రత్త." "మీ మీద ప్రయోగం జరిగింది, చేసింది మీకు దగ్గరి ఆడమనిషే, పేరు చెప్పడానికి నాకు అనుమతి లేదు." "ఈ విషయం ఎవరికీ చెప్పకండి, చెబితే శాంతి ఫలించదు." "శాంతి అయ్యేదాకా మీ వారికి మందులు పట్టవు."

మొదటి వాక్యంలో ఎవరికి అన్నది లేదు, ఏమవుతుందన్నది లేదు. రోజులు మాత్రం ఉన్నాయి, ఎందుకంటే రోజులు ఉంటేనే తొందర పుడుతుంది. ఇంట్లోవాళ్లు, అన్నదమ్ములు, అత్తవైపు వాళ్లు కలిపి పది పదిహేను మందిని లెక్కేస్తే, 41 రోజుల్లో ఒకరికి జ్వరమో, బండి మీద నుంచి జారిపడటమో, ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండటమో జరగకుండా ఉండదు. జరిగితే "చెప్పానా" అంటాడు. జరగకపోతే శాంతి కాపాడింది అంటాడు. డబ్బు కట్టాక జరిగితే ఆలస్యంగా కట్టారు అంటాడు. మూడు దారులూ ఆయన ఇంటికే పోతాయి. ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడు ఒక్కటి అడగండి: "మీరు చెప్పింది జరగలేదని ఏ రోజుకి, దేన్నిబట్టి తెలుస్తుంది? అలా తెలిస్తే డబ్బు వెనక్కిస్తారా?" ఆవిడ చేత ఇదే మెసేజ్ పెట్టించాను. "దైవాన్ని పరీక్షిస్తున్నారా అమ్మా, ఇలాంటి సందేహమే దోష ప్రభావం" అని జవాబు వచ్చింది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా, అడగడాన్నే దోషం చేసేశాడు.

రెండో వాక్యం చేసిన నష్టం డబ్బుతో కొలిచేది కాదు. "దగ్గరి ఆడమనిషి" అనగానే ఆవిడ మనసు తోడికోడలి మీదకి పోయింది. ఎందుకంటే పొలం పంపకం దగ్గర ఎప్పుడో మాటా మాటా అనుకున్నారు. మూడు వారాలుగా వాళ్లింట్లో మంచినీళ్లు ముట్టడం మానేశారు. కార్తీక మాసంలో తోడికోడలు పంపిన ప్రసాదం గుమ్మం బయటే పెట్టించి పారబోయించారు. తోడికోడలికి కారణమే తెలియదు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు, చెబితే రేపు నిలదీయవచ్చు. పేరు పూరించే పని ఆవిడకే వదిలేశాడు, ప్రతి ఇంట్లోనూ పూరించడానికి ఒక పాత గొడవ ఉంటుంది. "ప్రయోగం చేశారు, దగ్గరివాళ్లే, పేరు చెప్పను" అనే మూడు ముక్కలు కలిసి వస్తే నేను ఇంకేమీ చూడను, సంభాషణ అక్కడితో ఆపేయమంటాను.

ఎవరికీ చెప్పొద్దన్న మాట ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. చెల్లెలికి చెప్పగానే కథ తిరగబడింది కదా. శాంతి పూజలు మన ఇళ్లలో నలుగురినీ పిలిచి చేసుకుంటాం, దాచుకుని చేసుకునే ఆచారం లేదు. రాహుకేతు పూజ చేయించుకోవాలనిపిస్తే శ్రీకాళహస్తి ఉంది. దేవస్థానం కౌంటర్‌లోనే టికెట్ ఇస్తారు, వందల రూపాయల నుంచి రకాలున్నాయి, రసీదు ఉంటుంది, మీరే ఎదురుగా కూర్చుంటారు. ఈయన 36,000కి చేస్తానన్న పూజ ఎక్కడ, ఏ రోజు, ఎవరు చేస్తారని అడిగితే "హిమాలయాల్లో మా గురువుగారి ఆశ్రమంలో" అన్నాడు.

మందులు పట్టవన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. షుగర్ ఉండి కాలికి పుండైన మనిషి. డ్రెస్సింగ్‌కి రమ్మన్న రోజు "శాంతి అయ్యాక చూద్దాంలే" అని ఆవిడే వాయిదా వేశారు. నా దగ్గరకి వచ్చిన రోజు సాయంత్రమే డాక్టర్ దగ్గరకి పంపించాను, జాతకం సంగతి రేపు మాట్లాడదాం అన్నాను. జాతకం చూసేవాడు మందు గురించి, టెస్టుల గురించి, ఆపరేషన్ గురించి "ఆపండి", "ఆగండి" అనే మాట అంటే ఆయన ఎంత పండితుడైనా వదిలేయండి.

కల గురించి మర్నాడు మాట్లాడుకున్నాం. ఆవిడ వచ్చిందే కల భయంతో, దాన్ని కొట్టిపారేస్తే ఆవిడ మనసు కుదుటపడదు. మన శాస్త్రమే దీని గురించి ఏమంటుందో చెప్పాను. చరక సంహిత ఇంద్రియస్థానం ఐదో అధ్యాయంలో కలలు ఏడు రకాలని ఉంది: చూసినదాని వల్ల వచ్చేది, విన్నదాని వల్ల, అనుభవించినదాని వల్ల, కోరుకున్నదాని వల్ల, ఊహించుకున్నదాని వల్ల వచ్చేవి, ముందు జరగబోయేది సూచించేది, శరీర దోషాల వల్ల వచ్చేది. వీటిలో మొదటి ఐదింటికీ ఫలితం లేదని అక్కడే చెప్పారు. పగటి కలకీ, మరీ చిన్న కలకీ, మరీ పొడుగు కలకీ ఫలితం లేదు. చెడ్డ కల వచ్చాక మళ్లీ మంచి కల వస్తే మంచిదే లెక్క. అంటే కల వినగానే ఫలితం చెప్పేయడం శాస్త్రం కాదు, ముందు ఆ కల ఈ ఐదింటిలో ఏదైనా అవుతుందేమో అడిగి తెలుసుకోవాలి.

నేను అడిగాను. ఆ వారంలో ఏమైనా పాము ప్రస్తావన వచ్చిందా? వచ్చింది, పక్క వీధిలో వానలకి నాగుపాము ఇంట్లో దూరితే పట్టేవాణ్ని పిలిపించారు, ఆవిడ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి చూశారు కూడా. పన్ను? ఆవిడకే దవడ పన్ను కదులుతోంది, తీయించుకోవాలని రెండు నెలలుగా అనుకుంటూ భయపడి వాయిదా వేస్తున్నారు. గుమ్మం, పాము, పన్ను, మూడూ ఆవిడ మెలకువగా చూసినవీ అనుభవిస్తున్నవే. ఈ రెండు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆన్‌లైన్ ఆయన అన్ని గంటల చాట్‌లో ఒక్కసారి కూడా అడగలేదు. కలకి డబ్బు తీసుకునేవాళ్లని తూచడానికి నా దగ్గరున్న మొదటి గుర్తు ఇదే: మీ గురించి అడిగి కలని అర్థం చేసుకుంటున్నాడా, కల విని మీకు ఏదో అంటగడుతున్నాడా.

మరో సంగతి ఆవిడే చెప్పారు. పాము కల మొదట ఒక్కసారే వచ్చింది. గండం మాట విన్న తర్వాత వారంలో మూడు నాలుగు సార్లు వచ్చింది, దాన్ని ఆయన "దోషం ముదురుతోంది" అన్నాడు. భయంతో రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో సర్పదోషం వీడియోలు చూసి పడుకుంటే పాము కాక ఇంకేం వస్తుంది? ఆ వీడియోలు ఆపమన్నాను. నెల దాటినా నిద్ర పట్టకపోతే, కల తలుచుకుంటే గుండె దడ వస్తుంటే అది డాక్టర్‌కి చెప్పుకోవాల్సిన విషయం, నాకు కాదు అని కూడా చెప్పాను.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట ఉన్నదున్నట్టు రాయాలి. పైన చూపించిన లెక్కలతో ఆయన జాతకం వేయలేదని తేలింది. నక్షత్రం, పాదం, లగ్నం, దశ సరిగా చెప్పినవాడు లెక్క సరిగా చేశాడని మాత్రమే అర్థం, భవిష్యత్తు సరిగా చెబుతాడని కాదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో ఒక ప్రయోగం చేశారు. చదువులో ముందున్న పిల్లల జాతకాలు వంద, మానసిక ఎదుగుదల లోపమున్న పిల్లల జాతకాలు వంద సేకరించి, 27 మంది జ్యోతిష్కులకి తలా 40 జాతకాలు ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. సరైన జవాబులు సగటున నూటికి 46. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. ఈ మాట ఎత్తితే మా వాళ్లకి నచ్చదు. నాకు తెలిసినంతలో మాత్రం ప్రాణం, జబ్బు, ప్రమాదం ఇలాంటివి జాతకం చూసి ఫలానా రోజుల్లో అని తేల్చే శక్తి ఎవరికీ లేదు, నాకూ లేదు. ముహూర్తం పెడతాను, పొంతన చూస్తాను, పండగ తిథి చెబుతాను, మనసు బాగాలేక వచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడతాను. ఎంత తీసుకుంటానో ముందే చెబుతాను, ఆ పైన ఒక్క రూపాయి ఉండదు. నిమిషానికి ఇంత అని మీటర్ తిరిగే చోట సంభాషణ ముగిస్తే నష్టపోయేది చెప్పేవాడే. ఆవిడ చాట్‌లో ప్రతి సెషన్ చివరా "ఇంకో ముఖ్యమైన విషయం కనిపిస్తోంది, బ్యాలెన్స్ వేసుకుని రండి" అని ఉంది. ఒక్క సెషన్ కూడా "మీకు బాగుంది, వెళ్లి పడుకోండి" అని ముగియలేదు.

కట్టకముందే ఒకటి అడగమని ఆవిడ చెల్లెలికి చెప్పాను, ఎందుకంటే అదే యాప్ ఆ చెల్లెలి ఫోన్‌లోనూ ఉంది. "నా నక్షత్రం, పాదం, లగ్నం, ఇప్పుడు నడుస్తున్న మహర్దశ, అది ముగిసే సంవత్సరం రాసి పంపండి, తర్వాత మాట్లాడదాం." ఉచిత జాతకం సాఫ్ట్‌వేర్‌తో వీటిని సరిపోల్చుకోవచ్చు. అయనాంశ తేడా వల్ల దశ ముగిసే తేదీ కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు, పాదం సంధిలో ఉంటే మారొచ్చు, అది తప్పు కాదు. నక్షత్రమే వేరేది వస్తే, లేదా "అవన్నీ మీకెందుకమ్మా" అంటే, డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. విదేశాల్లో పుట్టిన పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. అమెరికాలో వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు, అది లెక్కలోకి తీసుకోకపోతే లగ్నమే మారిపోవచ్చు. పుట్టిన ఊరు అడగకుండా లగ్నం చెప్పేవాడు జాతకం వేయలేదన్నమాటే.

డబ్బు సంగతి. మిగతా 25,000 కట్టలేదు. అడ్వాన్స్ 11,000 వెనక్కి ఇవ్వమని ఆవిడ మెసేజ్ పెట్టిన మర్నాడు ఆయన స్వరం మారింది. "సంకల్పం అయిపోయింది, ఇప్పుడు ఆపితే మీ కూతురి మీదకే తిరుగుతుంది" అన్నాడు. అప్పటిదాకా ఎవరికో చెప్పని గండం డబ్బు ఆగగానే కూతురి పేరు మీదకి వచ్చింది. ఈ మెసేజ్ చాలా ముఖ్యం, దీన్ని చెరపొద్దన్నాను. భయపెట్టి డబ్బు అడగడం నేరం, అది రాతలో ఉండటం ఆధారం. చాట్ స్క్రీన్‌షాట్లు తేదీ కనబడేలా తీయించి, యూపీఐ లావాదేవీ నంబర్లు, ఆయన ఫోన్ నంబర్ ఒక కాగితం మీద రాయించి, 1930కి ఫోన్ చేయించాను, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించాను. ఇలాంటి వాటిలో డబ్బు పంపిన వెంటనే ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో ఆగే అవకాశం ఉంటుంది, ఆవిడ పంపి అప్పటికే పది రోజులైంది. యాప్‌కి కట్టిన చాట్ డబ్బు, నివేదిక డబ్బు సేవలో లోపం కిందకి వస్తాయి కాబట్టి వాటికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో వేరే ఫిర్యాదు. యాప్ వాళ్లు 1,499 తిరిగి ఇచ్చారు, పేరుతో వేసిన జాతకం, పుట్టిన టైమ్‌తో వేసిన జాతకం పక్కపక్కన పెట్టి పంపడం పని చేసింది. 11,000 ఇంకా రాలేదు.

41 రోజులు గడిచాయి. వాళ్లాయన కాలి పుండు మానుతోంది, వారానికోసారి డ్రెస్సింగ్‌కి వెళ్తున్నారు. ఆవిడ పన్ను తీయించుకున్నారు. కూతురికి ఈ గొడవంతా చెప్పారు, ఆ అమ్మాయి కోప్పడింది, కొత్త సంబంధం వాళ్లకి కుజ దోషం సంగతి ముందే చెప్పేయమంది, వాళ్లబ్బాయికీ ఉందట. తోడికోడలికి మాత్రం ఆవిడ ఇంకా ఏమీ చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదంటున్నారు, సంక్రాంతికి అరిసెలు తీసుకుని వెళ్దామని చెల్లెలు బలవంతం చేస్తోంది.